ఒక్క స్కెచ్ ఫోటో చూసి గట్టు తవ్వకండి

హద్దు తగాదాలు ఈమధ్య సంఘం ఆఫీసుకు ఫోన్లలోనే వస్తున్నాయి. సభ్యుడు వాట్సాప్ తెరిచి ఒక ఫోటో చూపిస్తాడు. అందులో సర్వే స్కెచ్ ఒక్కటే ఉంటుంది. చుట్టూ గీతలు, లోపల గీతలు, గీతల పక్కన అంకెలు. అడంగల్ ఉండదు, దస్తావేజు ఉండదు, ఆ పేజీ పైభాగం కూడా చాలాసార్లు ఉండదు. "ఈ గీత దాకా నాదే కదన్నా, మీరొక్క మాట చెప్పండి, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు.

ఆ ఒక్క మాట మేము చెప్పం. "మిగతాది నేను చూసుకుంటా" అన్న మాటకు అర్థం ఏమిటో పల్లెలో ఉన్న మనందరికీ తెలుసు. తెల్లారేసరికి గట్టు జరుగుతుంది. మర్నాడు పక్క పొలం వాళ్లు వస్తారు. ఆ తర్వాత పోలీస్ స్టేషను, వకీలు, వాయిదాలు. రెండు సాళ్ల వెడల్పు నేల కోసం రెండు కుటుంబాలు పిల్లల పెళ్లిళ్లకు కూడా పిలుచుకోని స్థితికి వస్తాయి.

అలాగని స్కెచ్ పనికిరాని కాగితం అనడం లేదు. దాన్ని చదవడం ప్రతి రైతూ నేర్చుకోవాలి. పదో తరగతి లెక్కలు వచ్చిన మన పిల్లలు కూడా చదవగలరు. అది ఏ భాషలో మాట్లాడుతుందో, ఎక్కడ మాట ఆపేస్తుందో తెలిస్తే ఫోటో పట్టుకుని ఎవరూ మనల్ని మోసం చేయలేరు. మనమూ పొరపాటు పడం. ఈ నెల సంపాదకీయం అందుకోసమే.

ఈ కాగితం ఏమిటి

ఆంధ్ర ప్రాంతంలో ఈ స్కెచ్‌ను ఎఫ్‌ఎంబీ అంటారు. ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ అని పూర్తి పేరు. పొలాల కొలతల పుస్తకం అన్నమాట. గ్రామంలోని ఒక్కో సర్వే నంబరుకు అందులో ఒక్కో పటం ఉంటుంది. సర్వే వాళ్లు గొలుసు లాగి కొలిచినప్పుడు దొరికిన అంకెలను ఆ పటం మీద రాశారు. మన దగ్గర హద్దులు కొలిచి ఖరారు చేసే పద్ధతికి ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం.

తెలంగాణలో ఇలాంటి పనే చేసే కాగితాన్ని టిప్పన్ అంటారు. నిజాం కాలం సర్వే వేరే పద్ధతిలో జరిగింది కనుక అక్కడి గొలుసు వేరు, అంకెల లెక్క వేరు. ఆంధ్రలో రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ల్యాండ్ పార్సిల్ మ్యాప్ అని దాని అర్థం. కాబట్టి ఎవరైనా స్కెచ్ ఫోటో చూపిస్తే మొదటి ప్రశ్న "ఇది ఎవరిది?" కాకూడదు. "ఇది ఏ ఊరిది, ఏ నంబరుది, ఏ సర్వే నాటిది?" అని అడగాలి. ఫోటోలో పేజీ పైభాగం కత్తిరించి ఉంటే ఈ మూడింటికీ జవాబు ఉండదు. 143 అనే సర్వే నంబరు పక్క ఊళ్లోనూ ఉంటుంది, ఆ పక్క ఊళ్లోనూ ఉంటుంది.

ఇక్కడి నుంచి పాత ఎఫ్‌ఎంబీ ఒక్కదాన్నే తీసుకుని మాట్లాడుకుందాం.

అంకెలు అడుగులు కావు

స్కెచ్ మీద 520 అని ఉంటే మనవాళ్లు చాలామంది అడుగులు అనుకుంటారు. పాత ఎఫ్‌ఎంబీల్లో ఆ అంకెలు సాధారణంగా లింకులు. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు ఉంటాయి. అంటే ఒక లింకు ఒక అడుగులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ, సరిగ్గా చెప్పాలంటే 0.66 అడుగు. అంగుళాల్లో 7.92.

ఈ గొలుసుతో లెక్క చాలా సులువు. లింకుల్లో పొడవును లింకుల్లో వెడల్పుతో గుణిస్తే చదరపు లింకులు వస్తాయి. 1,000 చదరపు లింకులు ఒక సెంటు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. గజాలు, అడుగుల గొడవే లేదు. ఆ వీలు కోసమే గొలుసును 66 అడుగులకు పెట్టారు.

తెలంగాణ టిప్పన్‌లో గొలుసు 33 అడుగులు. దాన్ని 16 అణాలుగా విభజిస్తారు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. అందుకని టిప్పన్ ఫోటోను ఎఫ్‌ఎంబీ లెక్కతో చదివితే, ఎఫ్‌ఎంబీని టిప్పన్ లెక్కతో చదివితే మొత్తం తారుమారవుతుంది. ఇటీవలి కొలతలతో గీసిన పటాల్లో అంకెలు మీటర్లలో ఉంటాయి. ఏ లెక్కో పటం మీద రాసి ఉంటే సరే. ఫోటోలో ఆ ముక్క పడకపోతే ఊహించడానికి వీల్లేదు. సరిచూసుకునే దారి ఒకటుంది, దాని సంగతి ముందుకు చెబుతాం.

పొలం మధ్యలో గీత గట్టు కాదు

తగాదాలకు కారణమయ్యే గీత ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. నంబరూ అంకెలూ చదవడం నేర్చుకోవడానికి మేము వేసుకున్నవి, ఏ ఊరివీ కావు.

సర్వే నంబరు 143. పటంలో ఒక కొసన ఎ అనే గుర్తు, అవతలి కొసన బి అనే గుర్తు. ఎ నుంచి బికి పొలం మీదుగా ఒక పొడవాటి గీత. దీన్ని జి-లైన్ అంటారు. సర్వేయర్ గొలుసు లాగిన దారి అది. పొలం వంకర టింకరగా ఉంటుంది కనుక గట్టు వెంబడి కొలిస్తే వైశాల్యం తేలదు. అందుకని పొలం మధ్యగా ఒక తిన్నని దారి వేసుకుంటారు. ఆ దారి మీద నడుస్తూ, గట్టు వంపు తిరిగిన ప్రతి మూలకూ ఎదురుగా ఆగి, అక్కడి నుంచి ఆ మూలకు లంబంగా ఎంత దూరమో కొలుస్తారు. ఆ పక్క కొలతను ఆఫ్‌సెట్ అంటారు. దారి పొడవునా ఎక్కడెక్కడ ఆగారో, ఎటు ఎంత కొలిచారో రాసుకున్న వరసను ల్యాడర్ అంటారు. నిచ్చెన మెట్లలా ఉంటుంది కనుక ఆ పేరు.

మన 143లో జి-లైన్ వెంట ఈ అంకెలు ఉన్నాయి. 120 దగ్గర ఎడమకు 150. 200 దగ్గర కుడికి 180. 400 దగ్గర ఎడమకు 200. చివర బి దగ్గర 520.

ఇక్కడ ఒక జాగ్రత్త. 120, 200, 400, 520 అన్నవి ఎ నుంచి మొదలుపెట్టి లెక్కించిన దూరాలు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూరం కాదు. కొందరు ఈ నాలుగింటినీ కలిపి 1,240 లింకుల పొడవని చెబుతారు. జి-లైన్ మొత్తం పొడవు 520 లింకులే. అడుగుల్లో 343 దాటి కొంచెం.

ఇప్పుడు వైశాల్యం చూద్దాం. ఎడమ పక్కన మూడు ముక్కలున్నాయి. ఎ నుంచి 120 వరకు త్రిభుజం. 120ని 150తో గుణించి సగం చేస్తే 9,000. 120 నుంచి 400 వరకు పొడవు 280. ఒక కొసన 150, ఇంకో కొసన 200, సగటు 175. 280ని 175తో గుణిస్తే 49,000. 400 నుంచి 520 వరకు మళ్లీ త్రిభుజం. 120ని 200తో గుణించి సగం చేస్తే 12,000. ఎడమ పక్క మొత్తం 70,000 చదరపు లింకులు, అంటే 70 సెంట్లు. కుడి పక్కన ఒకటే పెద్ద త్రిభుజం. 520ని 180తో గుణించి సగం చేస్తే 46,800, అంటే 47 సెంట్లకు కాస్త తక్కువ. రెండూ కలిపితే 1,16,800 చదరపు లింకులు. దగ్గరదగ్గర 1 ఎకరం 17 సెంట్లు.

లెక్క ఇంతవరకు ఎవరైనా చేయగలరు. అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. ఈ పొలాన్ని అన్నదమ్ములిద్దరు చేసుకుంటున్నారనుకుందాం. అన్న ఫోటో చూశాడు. మధ్యలో పొడవాటి గీత కనిపించింది. ఎడమ పక్క 70 సెంట్లు, అదే తన వాటా అనుకున్నాడు. తమ్ముడికి కుడి పక్క 47 సెంట్లు మిగిలాయి. "సర్కారు పటంలోనే గీత ఉంది కదరా" అని అన్న అంటాడు. ఆ గీత సర్వేయర్ నడిచిన దారి. అక్కడ గట్టు లేదు, పంపకమూ లేదు. రోడ్డు కొలిచే మనిషి రోడ్డు మధ్యలో టేపు పరిస్తే రోడ్డు రెండు ముక్కలు కాదు. ఇదీ అంతే.

మరి గట్టు గీతను, జి-లైన్‌ను వేరుగా గుర్తుపట్టడం ఎలా? మొదటిది, గీత తీరు. పొలం చుట్టూ ఉండే హద్దు గీత సాధారణంగా నిండు గీతగా ఉంటుంది, కొలత దారి తెగిన గీతగా ఉంటుంది. కానీ వాట్సాప్‌లో నలుగురి చేతులు మారిన ఫోటోలో తెగిన గీత కూడా నిండుగా కనిపిస్తుంది. కాబట్టి రెండో గుర్తు చూడాలి. జి-లైన్ కొసల్లో అక్షరాలుంటాయి, దాని మీద పెరుగుతూ పోయే అంకెలుంటాయి, దాని నుంచి రెండు పక్కలకూ లంబంగా చిన్న గీతలు వెళ్తాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పొలాన్ని నిజంగా సబ్ డివిజన్ చేసి ఉంటే గీతకు ఇటు ఒక నంబరు, అటు ఒక నంబరు ఉంటాయి. 1, 2 అనో, 143/1, 143/2 అనో. ఏ పక్కా నంబరు లేకపోతే ఆ పటం గీసిన నాటికి అందులో సబ్ డివిజన్ ఎక్కలేదని మాత్రమే అర్థం చేసుకోవాలి.

"ఎక్కలేదు" అన్న మాట గమనించండి. ఇంట్లో పంచుకోలేదని దాని అర్థం కాదు. తాతల నాడు పెద్దమనుషుల ముందు పంచుకుని ఉండవచ్చు, రిజిస్టరు కాగితం ఉండవచ్చు, గట్టూ వేసుకుని ఉండవచ్చు. అవేవీ స్కెచ్ మీదికి వచ్చి ఉండకపోవచ్చు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. ఆన్‌లైన్ 1-బిలో 143/ఎ, 143/బి అని రెండు నంబర్లు కనిపిస్తాయి, స్కెచ్ తీస్తే ఒకటే ముక్క. కొలవకుండా రికార్డులో మాత్రమే విడగొట్టిన ఇలాంటి నంబర్లను నోషనల్ సబ్ డివిజన్ అంటారు. కాగితం మీద విస్తీర్ణం రెండుగా పంచారు కానీ నేల మీద గీత ఎక్కడో ఎవరూ కొలవలేదు. అలాంటి చోట పాత స్కెచ్ ఫోటో చూసి "నా ముక్క ఇది" అని వేలు పెట్టి చూపించడం కుదరదు.

ఒక అంకె మసకబారితే

ఫోటో అంటేనే కొన్ని తప్పులు కూడా వస్తాయి. పేజీని పక్క నుంచి తీస్తే చదరంగా ఉన్న పొలం ఒక కొసన సన్నబడి కనిపిస్తుంది. మడత పడిన చోట గీత వంగుతుంది. అందుకని ఫోటో మీద స్కేలు పెట్టి కొలవడం, వేళ్లతో పెద్దది చేసి "ఈ పక్క ఎక్కువుంది" అనడం తప్పు. పటం కింద 1:2000 అని ఉంటే అసలు కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 20 మీటర్లని అర్థం. ఫోన్ తెర మీద ఆ లెక్క నిలవదు. జిరాక్సులో పెద్దదీ చిన్నదీ చేసినా నిలవదు. ఫోటోలో నమ్మదగినవి రాసిన అంకెలే, అవీ స్పష్టంగా కనిపిస్తేనే.

స్పష్టంగా లేకపోతే? 150లోని 5, 8లా కనిపిస్తుందనుకుందాం. మన 143లో 150 బదులు 180 అని చదివి లెక్క వేస్తే ఎడమ పక్క 76 సెంట్లు వస్తుంది, మొత్తం 1 ఎకరం 23 సెంట్లు దాటదు, 22.8 దగ్గర ఆగుతుంది. ఒక్క అంకె ఆరు సెంట్లు పుట్టించింది. దీన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రికార్డులో ఆ సర్వే నంబరుకు రాసిన మొత్తం విస్తీర్ణంతో పోల్చడం. అక్కడ 1.17 ఉంటే 1.23 చదివింది ఎక్కడో తప్పింది. రెండోది, హద్దు గీత పొడవు రాసి ఉంటే దానితో పోల్చడం. ఎ నుంచి మొదటి మూలకు గట్టు పొడవు ఎంతో బడిలో చదువుకున్న లంబకోణ త్రిభుజం లెక్కతో వస్తుంది. 120, 150 అయితే 192 లింకులు. 120, 180 అయితే 216. పటంలో ఆ గట్టు పక్కన 192 అని ఉంటే అంకె 150 అని తేలినట్టే.

ముందుకు చెబుతామన్న దారి ఇదే. అంకెలు లింకులా, అడుగులా, మీటర్లా అన్నది కూడా మొత్తం విస్తీర్ణంతో పోల్చితే బయటపడుతుంది. ఇవే అంకెలను అడుగులని చదివితే 143 విస్తీర్ణం 2 ఎకరాల 68 సెంట్లు అవుతుంది. మీటర్లని చదివితే దాదాపు 29 ఎకరాలు. రికార్డులో 1.17 ఉందంటే లింకులే. భూమి అమ్మి పెట్టే మధ్యవర్తి అడుగుల లెక్క చెప్పి ఎకరం చిల్లరను రెండున్నర ఎకరాలు దాటించి చూపిస్తే అక్కడే పట్టుకోవచ్చు.

విస్తీర్ణం పోల్చేటప్పుడూ ఒక ఉచ్చు ఉంది. కొన్ని నకళ్లలో విస్తీర్ణం ఎకరాల్లో కాక హెక్టార్లలో ఉంటుంది. ఒక హెక్టారు 2 ఎకరాల 47 సెంట్లు. మన 143ను హెక్టార్లలో రాస్తే 0.47 అవుతుంది. ఇప్పుడు ఆ అన్నదమ్ముల దగ్గరికి మళ్లీ రండి. కుడి పక్క లెక్క వేస్తే 47 సెంట్లు వచ్చింది. కాగితం మీద 0.47 అని కనిపించింది. "చూశావా, నీకు 47 సెంట్లే అని సర్కారే రాసింది" అని అన్న గట్టిగా అంటాడు, తమ్ముడూ నమ్మేస్తాడు. అది మొత్తం పొలం విస్తీర్ణం, హెక్టార్లలో. రెండు తప్పులు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. అంకె పక్కన ఎ. అని ఉందో, హె. అని ఉందో చూడకుండా నోరు తెరవకూడదు.

చుట్టూ ఉన్నవి కత్తిరించవద్దు

పొలం బొమ్మ పెద్దగా రావాలని అందరూ చుట్టుపక్కల వదిలేసి ఫోటో తీస్తారు. అసలు ఆసరా ఆ చుట్టుపక్కలే ఉంది. పటం బయట పక్క సర్వే నంబర్లు రాసి ఉంటాయి. తూర్పున 144, దక్షిణాన 150 అన్నట్టు. మూలల దగ్గర బయటికి పొడుచుకొచ్చిన చిన్న గీతలు పక్క పొలాల హద్దులు ఎక్కడ వచ్చి కలుస్తాయో చెబుతాయి. మూడు పొలాలు, లేదా మూడు గ్రామాలు కలిసే చోటును ట్రైజంక్షన్ అంటారు. అక్కడ రాయి పాతి ఉంటుంది. సర్వేయర్ నేల మీద కొలత మొదలుపెట్టాలంటే ముందు వెతికేది అలాంటి పాత రాళ్లనే.

పటంలో రాయి గుర్తు ఉందంటే కొలిచిన నాడు అక్కడ రాయి ఉందని. ఈరోజు కూడా అక్కడే ఉందని కాదు. ట్రాక్టరు తగిలి పోయి ఉండవచ్చు, ఎవరైనా పీకి పది గజాల అవతల పాతి ఉండవచ్చు. కాబట్టి ఒకే ఒక్క రాయి నుంచి టేపు పట్టి కొలవడం ఎప్పుడూ ప్రమాదమే. పక్క నంబర్ల రాళ్లతో కూడా దూరాలు సరిపోతేనే ఆ రాయిని నమ్ముతారు. ఇంకో సంగతి, సర్వే కొలతలు నేలను సమంగా పట్టుకుని తీసినవి. మనం ఎత్తుపల్లాల మీద టేపు పరిస్తే పొడవు ఎక్కువ వస్తుంది. ఆఫ్‌సెట్‌ను లంబంగా కాక ఏటవాలుగా కొలిచినా అంతే. "పటంలో 99 అడుగులే ఉంది, నా పొలం 104 ఉంది, పక్కోడిది కలిసింది" అన్న అనుమానాలు కొన్ని ఇలాగే పుడతాయి.

పటంలో మనిషి పేరు లేదు

ఇంత చదివాక కూడా ఒక ప్రశ్నకు స్కెచ్ దగ్గర జవాబు లేదు. ఈ పొలం ఎవరిది? ఎఫ్‌ఎంబీ పటం పొలం ఆకారం చెబుతుంది, కొలతలు చెబుతుంది, పక్క పొలాలు చెబుతుంది. యజమాని పేరు దాని పని కాదు. ఎవరైనా పటం మీద పెన్నుతో పేరు రాసి ఫోటో పంపితే ఆ పేరు రాసిన మనిషిది తప్ప పటానిది కాదు.

పేర్లు వేరే కాగితాల్లో ఉంటాయి. ఒక్కో కాగితం ఒక్కో సంగతే చెబుతుంది. 1-బిలో పట్టాదారు పేరు, ఖాతా నంబరు, ఆ ఖాతా కింద ఏయే సర్వే నంబర్లలో ఎంతెంత ఉందో ఉంటుంది. అడంగల్‌లో ఏ నంబరులో ఎవరు సాగు చేస్తున్నట్టు రాసుకున్నారో, ఏ పంట, ఏ నీటి వసతి అన్నది ఉంటుంది. అందులో పట్టాదారు అని ఒక గడి, అనుభవదారు అని ఇంకో గడి ఉంటాయి. రెండు గడుల్లో రెండు పేర్లు ఉండటం మామూలే. కౌలు కావచ్చు, పంపకం కావచ్చు, అమ్మకం జరిగి పేరు మారకపోవడం కావచ్చు, ఎప్పుడో రాసిన తప్పు కావచ్చు. గడి చూసి కారణం తెలియదు. దస్తావేజులో చతుర్హద్దులుంటాయి, తూర్పున ఫలానా వారి భూమి, పడమర డొంక అని. ఈసీలో ఆ నంబరు మీద రిజిస్టరైన లావాదేవీలు ఉంటాయి. రిజిస్టరు కానివి అందులో కనిపించవు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి, అవసరమైతే సాక్షులను విని, యాజమాన్యం ఎవరిదో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. అది సంఘం నాయకుడి పని కాదు, ఊళ్లో కాస్త చదువుకున్న కుర్రాడి పనీ కాదు. స్కెచ్ ఒక్కటే పట్టుకుని "నీదే" అన్నవాడు, "నీది కాదు" అన్నవాడు ఇద్దరూ కాగితంలో లేని మాట చెబుతున్నట్టే. అందుకే మేము మాటలకు అర్థం చెబుతాం, లెక్క వేసి చూపిస్తాం, అక్కడ ఆగుతాం.

మరి ఏం చేయాలి

ఫోటో తీసేటప్పుడు పేజీ నాలుగు మూలలూ పడేలా, పై నుంచి నిటారుగా తీయండి. ఊరు పేరు, సర్వే నంబరు, స్కేలు, బయట రాసిన పక్క నంబర్లు అన్నీ రావాలి. నకలు ఏ తేదీన, ఎక్కడ తీసుకున్నారో ఫోటోతోపాటు రాసి పంపండి. అంకెలు మసకగా ఉంటే దగ్గరగా ఇంకో ఫోటో తీయండి కానీ మొదటిది తీసేయకండి. ఆఫీసుకు వచ్చేటప్పుడు ఫోటోతోపాటు అదే నంబరు 1-బి, అడంగల్ నకళ్లు పట్టుకు రండి. దస్తావేజు అసలును ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నకలు చాలు.

నేల మీద హద్దు ఎక్కడో తెలియాలంటే దానికి ఉన్న దారి సర్వేయర్ కొలత. ఆంధ్రలో దీనికి పెట్టుకునే దరఖాస్తును ఎఫ్-లైన్ పిటిషన్ అంటారు. చుట్టుపక్కల రైతులకు ముందుగా నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదుట కొలవాలి. నోటీసు లేకుండా ఒక పక్క వాళ్లను మాత్రమే పెట్టుకుని గొలుసు లాగితే ఆ కొలత తగాదాను తీర్చదు, ఇంకోటి మొదలుపెడుతుంది. అన్నదమ్ములు ముందే ఒప్పుకుని పంచుకున్నది స్కెచ్ మీదికి ఎక్కాలంటే సబ్ డివిజన్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎఫ్-లైన్ వేరు, సబ్ డివిజన్ వేరు. మొదటిది ఉన్న హద్దును చూపించేది, రెండోది కొత్త గీతను రికార్డులోకి తెచ్చేది. ఒకటి కావలసినవాళ్లు ఇంకోటి పెట్టుకుని నెలల తరబడి తిరుగుతున్నారు. దరఖాస్తు రాసేముందు ఏది కావాలో తేల్చుకోండి.

అధికారులను మేము అడిగేది కూడా ఒకటుంది. రైతుకు ఇచ్చే ప్రతి స్కెచ్ నకలు మీద అంకెలు ఏ కొలతలో ఉన్నాయో తెలుగులో రాయాలి. లింకులైతే లింకులని, మీటర్లైతే మీటర్లని. విస్తీర్ణం హెక్టార్లలో ఉంటే పక్కనే ఎకరాలు, సెంట్లలో కూడా వేయాలి. జి-లైన్ కొలత దారి మాత్రమే, హద్దు కాదు అని పటం కింద ఒక్క వాక్యం అచ్చు వేయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక వరస సిరా చాలు. ఆ ఒక్క వరస లేకపోవడం వల్ల ఎన్ని గట్లు తవ్వుకుంటున్నారో కింది స్థాయి సర్వేయర్లకు మనకన్నా బాగా తెలుసు.

అప్పటిదాకా గట్టు ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. కొలత అయ్యాక జరపవలసి వస్తే అందరి ఎదుటా పగటిపూట జరపవచ్చు.